రెండు వందల అంకెల సంఖ్యలను కూడటం: క్యారీ దారి, ఖర్చు లెక్క

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్దాం.

ఫిబొనాచీ వరుస మీ అందరికీ తెలిసిందే. 0, 1, 1, 2, 3, 5, 8... వెనకటి రెండింటినీ కూడితే తర్వాతది వస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో నాలుగు లైన్ల లూప్ రాసి, విలువల్ని `uint64_t`లో పెట్టుకుంటూ పోతే F(93) దాకా అన్నీ సరిగ్గానే వస్తాయి. F(93) అంటే 12200160415121876738. దాని తర్వాత F(94)గా 19740274219868223167 రావాలి. తెర మీద మాత్రం 1293530146158671551 కనిపిస్తుంది. ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా ఉండదు. 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 18446744073709551615. దాన్ని దాటిన మొత్తంలోంచి 2^64 తీసేసి మిగిలింది మన చేతిలో పెట్టిందన్నమాట. ఇక్కడ తప్పును పట్టుకోవడం తేలిక, ఎందుకంటే పెరుగుతూ పోవాల్సిన వరుస ఉన్నట్టుండి తగ్గింది. మామూలు లెక్కల్లో అలాంటి ఆనవాలు దొరకదు.

పూర్ణాంకం వద్దు, `double`లో పెడదాం అంటారు కొందరు. అది ఇంకా ముందే చెడుతుంది. `double` పూర్ణాంకాలన్నిటినీ ఖచ్చితంగా పట్టుకునేది 2^53 దాకానే, అంటే 9007199254740992 దాకా. F(78) దానికి లోపలే ఉంది. F(79) విలువ 14472334024676221. 2^53కీ 2^54కీ మధ్య `double` సరిసంఖ్యల్ని మాత్రమే ఉంచగలదు. ఇది బేసి. కాబట్టి అక్కడి నుంచి చివరి అంకెల్ని నమ్మడానికి లేదు. సంఖ్య పరిమాణం దాదాపు సరిగ్గానే ఉంటుంది కనుక చూసినవాళ్లకు అనుమానం కూడా రాదు.

ఈ రోజు మనకు కావాల్సింది F(1000). దానికి 209 అంకెలు. ఒక్క అంకె కూడా తప్పు పోకూడదు. F(998), F(999) అని రెండు 209 అంకెల సంఖ్యలున్నాయి, వాటిని కూడాలి. ఎలా కూడాలి, ఎంత పని పడుతుంది, అంకెలు పెరిగితే ఆ పని ఎలా పెరుగుతుంది అన్నదే ఈ గంట మాట్లాడుకునేది.

పద్ధతి రెండో తరగతిలో నేర్చుకున్నదే. కుడి చివర ఒకట్ల స్థానం నుంచి మొదలుపెడతాం. ఏడూ ఎనిమిదీ పదిహేను, ఐదు వేసి ఒకటి చేతిలో పెట్టుకుంటాం. ఆ చేతిలో ఒకటే క్యారీ. అది ఎప్పుడూ 0 గానీ 1 గానీ మాత్రమే అవుతుంది. ఎందుకంటే రెండు అంకెలు గరిష్ఠంగా 9, 9 అయినా, చేతిలో 1 ఉన్నా, మొత్తం 19. పంతొమ్మిదిలో 9 వేస్తాం, 1 మిగులుతుంది. రెండు మిగలడం జరగదు. చిన్న సంగతే గానీ మొత్తం పద్ధతి దీని మీదే నిలబడింది. జవాబుకు పెద్ద సంఖ్య కన్నా ఒకే ఒక్క స్థానం ఎక్కువ పట్టవచ్చు, అంతకు మించి పట్టదు అన్నది కూడా దీని నుంచే వస్తుంది.

అరేలో పెట్టేటప్పుడు చాలామంది సంఖ్య రాసిన వరుసలోనే, పెద్ద స్థానం ముందు వచ్చేలా పెడతారు. దానివల్ల రెండు ఇబ్బందులున్నాయి. రెండు సంఖ్యల పొడవులు వేరైతే ఒకట్ల స్థానాలు వేర్వేరు ఇండెక్సుల్లో పడతాయి, ప్రతిసారీ సర్దుకోవాలి. పైగా చివరి క్యారీ కొత్త స్థానాన్ని తెచ్చినప్పుడు అరే మొదట్లో చోటు చేయాలి, అంటే ఉన్నవన్నీ ఒక గడి జరగాలి. అందుకని ఒకట్ల స్థానాన్ని ఇండెక్స్ 0లో పెట్టండి. అప్పుడు కొత్త స్థానం చివర్లో చేరుతుంది, ఏదీ జరపక్కర్లేదు.

సరే, గడికి ఒక అంకె పెడితే 209 గడులు. 209 సార్లు కూడాలి. కానీ ప్రాసెసర్ ఒక్క ఆదేశంలో 32 బిట్లో 64 బిట్లో కూడగలదు. దానికి ఏడూ ఎనిమిదీ ఇచ్చి కూడమనడం లారీలో ఒక్క ఇటుక పంపినట్టు. ఒక గడిలో ఎన్ని అంకెలు పట్టించవచ్చు? ఈ గడిని ఈ రంగంలో లింబ్ అంటారు. పెద్ద సంఖ్యల లెక్కలు చేసే జీఎంపీ లైబ్రరీ వాడేవాళ్లందరికీ ఈ మాట అలవాటే. నేను గడి అనే అంటాను.

32 బిట్ల గడిలో తొమ్మిది అంకెలు పెట్టవచ్చు. అంటే గడిలో గరిష్ఠ విలువ 999999999, వంద కోట్లకు ఒకటి తక్కువ. రెండు గడుల్ని, ఒక క్యారీని కలిపితే గరిష్ఠంగా 1999999999. 32 బిట్లలో గుర్తు ఉన్న పూర్ణాంకం కూడా 2147483647 దాకా పడుతుంది. కాబట్టి ఎక్కడా పొంగదు. పది అంకెలు పెడదామంటే కుదరదు, ఒక్క గడిలోనే 9999999999 పట్టదు. ఇప్పుడు మన ఆధారం పది కాదు, 10^9. ఒకట్లు, పదులు, వందలు అనుకునే చోట ఒకట్లు, వంద కోట్లు, వంద కోట్ల వంద కోట్లు అనుకోవాలి. పద్ధతి ఒక్క అక్షరం కూడా మారదు. 209 అంకెలు 24 గడుల్లో సర్దుకుంటాయి.

64 బిట్ల గడి తీసుకుంటే 18 అంకెలు హాయిగా పడతాయి. 19 అంకెల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. గుర్తులేని 64 బిట్లలో 19 అంకెల సంఖ్య విడిగా పడుతుంది. కానీ అలాంటివి రెండు కూడితే మొత్తం 2×10^19కి దగ్గరగా పోతుంది, మన పరిమితి 1.84×10^19. పెట్టుకోవడానికి చోటుంది, కూడటానికి లేదు. గడి పరిమాణం ఎంచుకునేటప్పుడు చూడాల్సింది గడిలో ఎంత పడుతుందని కాదు, రెండు గడుల మొత్తం, పైన ఒకటి, ఎంత అవుతుందని.

ఒక కూడికను చేత్తో చేసి చూద్దాం. రెండు వందల అంకెలు బోర్డు మీద రాస్తే కళ్లు తిరుగుతాయి గానీ, మూడు గడుల్లో జరిగేదే ఇరవై నాలుగు గడుల్లోనూ జరుగుతుంది. F(94), F(95) తీసుకుందాం.

F(94) = 19740274219868223167. కుడి నుంచి తొమ్మిదేసి అంకెలు విడదీస్తే: 868223167, ఆ తర్వాత 740274219, మిగిలింది 19.

F(95) = 31940434634990099905. ఇదీ అలాగే: 990099905, 940434634, 31.

మొదటి గడి: 868223167 + 990099905 = 1858323072. వంద కోట్లు దాటింది. వంద కోట్లు తీసేస్తే 858323072. ఇది వేసి ఒకటి చేతిలో పెట్టుకుందాం.

రెండో గడి: 740274219 + 940434634 = 1680708853. చేతిలో ఉన్న ఒకటి కలిపితే 1680708854. ఇది కూడా దాటింది. 680708854 వేసి ఒకటి చేతిలో.

మూడో గడి: 19 + 31 + 1 = 51. దాటలేదు, చేతిలో ఏమీ లేదు. అయిపోయింది.

పై నుంచి కిందికి చదివితే 51, 680708854, 858323072. కలిపి రాస్తే 51680708854858323072. ఇదే F(96). ఇరవై అంకెల సంఖ్యలు రెండు, మూడే మూడు కూడికలు.

విడదీయడం కుడి నుంచే అన్నాను, గమనించారా? ఇన్‌పుట్ స్ట్రింగ్‌గా వస్తుంది కాబట్టి ఎడమ నుంచి తొమ్మిదేసి కోసుకుంటూ రావాలనిపిస్తుంది. అలా చేస్తే 197402742, 198682231, 67 అని ముక్కలవుతాయి. పొడవు తొమ్మిదికి గుణిజమైతే రెండు దారుల్లోనూ ఒకే ముక్కలు వస్తాయి కాబట్టి, 18 అంకెల ఉదాహరణతో పరీక్షించినవాళ్లకు ఈ తప్పు కనిపించదు. మనం కామాలు పెట్టేటప్పుడు కూడా కుడి నుంచే లెక్కపెడతాం కదా, ముందు మూడు, ఆ తర్వాత రెండేసి. ఇదీ అంతే, కాకపోతే తొమ్మిదేసి.

ఇప్పుడు కోడ్.

```cpp
using Big = vector<uint32_t>;
const uint32_t BASE = 1000000000;

Big add(const Big& a, const Big& b) {
    size_t n = max(a.size(), b.size());
    Big r;
    r.reserve(n + 1);
    uint32_t carry = 0;
    for (size_t i = 0; i < n; i++) {
        uint32_t s = carry;
        if (i < a.size()) s += a[i];
        if (i < b.size()) s += b[i];
        carry = (s >= BASE);
        if (carry) s -= BASE;
        r.push_back(s);
    }
    if (carry) r.push_back(1);
    return r;
}
```

ఇందులో భాగహారం లేదు. చాలా పుస్తకాల్లో `s / BASE`, `s % BASE` అని రాస్తారు. తప్పేమీ కాదు. కానీ క్యారీ 0 లేదా 1 అని మనకు ముందే తెలుసు, అలాంటప్పుడు పోల్చి తీసేస్తే చాలు. `reserve(n + 1)` కూడా ఊరికే పెట్టలేదు. జవాబు పొడవు n గానీ n + 1 గానీ అవుతుందని ముందే తెలుసు కాబట్టి మెమరీ ఒక్కసారే అడుగుతున్నాం.

చివర్లో ఉన్న `if (carry)` మరిచిపోతే ఏమవుతుంది? అన్నిటికన్నా పై గడి నిండి పైకి పొంగినప్పుడు మాత్రమే అత్యంత పెద్ద స్థానంలోని 1 మాయమవుతుంది. 999999999కి 1 కలిపితే సున్నా వస్తుంది. మిగతా సందర్భాల్లో జవాబు సరిగ్గానే ఉంటుంది.

ముద్రించడంలో ఒక తప్పు ఉంది. ఈ పద్ధతి మొదటిసారి రాసినవాళ్లలో ఎక్కువమంది దానిలోనే పడతారు. 999999998కి 9 కలపండి. మొదటి గడి 1000000007, వంద కోట్లు తీసేస్తే 7, చేతిలో ఒకటి. అరేలో 7, 1 ఉన్నాయి. పై నుంచి కిందికి ముద్రిస్తే తెర మీద 17 వస్తుంది. రావాల్సింది 1000000007. గడిలో ఉన్నది ఏడే గానీ, దాని అర్థం 000000007. అన్నిటికన్నా పై గడిని మాత్రమే ఉన్నది ఉన్నట్టు ముద్రించాలి, కింద ఉన్న ప్రతి గడినీ తొమ్మిది అంకెల వెడల్పుతో, ముందు సున్నాలు నింపి ముద్రించాలి.

```cpp
printf("%u", r.back());
for (int i = (int)r.size() - 2; i >= 0; i--)
    printf("%09u", r[i]);
```

ఇక్కడ `i`ని `size_t`గా పెడితే `i >= 0` ఎప్పుడూ నిజమే, లూప్ సున్నా దాటి చుట్టుతిరిగి అరే బయటకు పోతుంది. అందుకే `int`. ఇక సున్నాలు నింపకపోవడం అనే తప్పు యాదృచ్ఛిక సంఖ్యలతో పరీక్షిస్తే దొరుకుతుందా? ఒక గడి సున్నాతో మొదలయ్యే అవకాశం పదింట ఒకటి. 24 గడుల సంఖ్యలో కింద 23 గడులున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ సున్నాతో మొదలుకాకుండా ఉండటం అరుదే, కాబట్టి నాలుగైదు పరీక్షల్లో బయటపడుతుంది. జవాబు పొడవు లెక్కపెడితే చాలు, ఉండాల్సిన అంకెల కన్నా తక్కువ ఉంటాయి.

క్యారీలో దొర్లే తప్పు అలా బయటపడదు. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

కొందరు ఇలా రాస్తారు: `carry`ని తాజా చేసేటప్పుడు `a[i] + b[i] >= BASE` అని చూస్తారు, కింది నుంచి వచ్చిన పాత క్యారీని కలపకముందే. చూడటానికి బాగానే ఉంటుంది. ఇది ఎప్పుడు తప్పుతుంది? రెండు గడుల మొత్తం సరిగ్గా 999999999 అయి, కింది నుంచి ఒకటి వచ్చినప్పుడు మాత్రమే. అప్పుడు ఆ ఒకటి ఈ గడిని దాటి పై గడికి పోవాలి, ఈ కోడ్ దాన్ని పోనివ్వదు.

గడికి ఒక అంకె పెట్టుకున్నవాళ్ల సంగతి చూద్దాం. రెండు అంకెల జతలు వంద రకాలు. వాటిలో మొత్తం పది లేదా అంతకన్నా ఎక్కువ వచ్చేవి 45. ఇవి కింది నుంచి ఏమొచ్చినా రాకపోయినా పైకి ఒకటి పంపుతాయి. మొత్తం సరిగ్గా తొమ్మిది వచ్చేవి 10. ఇవి కింది నుంచి వస్తేనే పంపుతాయి. మిగిలిన 45 ఏం చేసినా పంపవు. ఒక స్థానం నుంచి క్యారీ వచ్చే అవకాశం p అనుకుంటే p = 0.45 + 0.10 × p. అంటే p సరిగ్గా సగం. యాదృచ్ఛిక సంఖ్యల్లో సగం స్థానాల్లో క్యారీ పుడుతుంది, పదింట ఒక స్థానం మొత్తం తొమ్మిదై ఉంటుంది. కాబట్టి 209 అంకెల పరీక్ష ఒక్కటి నడిపితే ఈ తప్పు దాదాపు తప్పకుండా దొరికిపోతుంది.

అదే కోడ్‌ని తొమ్మిది అంకెల గడులకు మార్చారనుకోండి. ఇప్పుడు మొత్తం సరిగ్గా 999999999 అయ్యే అవకాశం వంద కోట్లలో ఒకటి. మీరు లక్ష యాదృచ్ఛిక పరీక్షలు నడిపినా, ఒక్కోదానిలో 24 గడులు, మొత్తం 24 లక్షల గడులే. తప్పు దాక్కునే ఉంటుంది. గడి పెద్దదయ్యే కొద్దీ వేగం పెరుగుతుంది, అదే సమయంలో యాదృచ్ఛిక పరీక్ష గుడ్డిదవుతుంది. అందుకని ఈ కింది పరీక్షలు చేత్తో రాసి పెట్టుకోవాలి. 209 తొమ్మిదులున్న సంఖ్యకు 1 కలపాలి. జవాబు 1 పక్కన 209 సున్నాలు. ఒకటి మొదటి గడిలో పుట్టి చివరి గడి దాకా ప్రయాణిస్తుంది. అదే కూడికను 1ని ముందు పెట్టి, తొమ్మిదుల్ని తర్వాత పెట్టి చేయాలి, పొడవులు తారుమారైనప్పుడు తెలుస్తుంది. ఒక సంఖ్యలో మధ్య గడులన్నీ 999999999, రెండోదానిలో సున్నాలు, కింద గడిలో మాత్రం క్యారీ పుట్టేలా ఒకటి. ఇంకొకటి, 9, 18, 27 అంకెల పొడవులున్నవి, వాటికి ఒకటి అటూ ఇటూ ఉన్నవి. గడి అంచులన్నీ అక్కడే ఉన్నాయి.

ఇక ఖర్చు. n గడులుంటే n సార్లు కూడుతున్నాం. పొడవు రెట్టింపైతే పని రెట్టింపు, పది రెట్లైతే పది రెట్లు. గడికి ఒక అంకె అయితే 209 అడుగులు, తొమ్మిది అంకెలైతే 24. పూర్తి 64 బిట్లు వాడితే, F(1000)కి ద్విసంఖ్యామానంలో 694 బిట్లు కావాలి కాబట్టి 11. ఈ మూడూ సరళరేఖలే. రేఖ వాలు మాత్రమే మారింది. 2090 అంకెలకు పోతే ఆ మూడూ దాదాపు పదేసి రెట్లు అవుతాయి.

దీనికన్నా తక్కువలో చేయవచ్చా అని అడుగుతారు. చేయలేం. ప్రతి అంకెనూ ఒక్కసారైనా చూడాలి. చూడకుండా వదిలేసిన అంకె మారితే జవాబు మారుతుంది కదా. పైగా 9999...9కి కలిపేది 0 అయితే జవాబు అదే సంఖ్య, 1 అయితే ప్రతి స్థానమూ మారిపోతుంది. అట్టడుగు అంకె ఒక్కటి మారితే అన్నిటికన్నా పై అంకె మారింది.

మీరు గడియారం పెట్టి కొలిస్తే మాత్రం రెండు వందల అంకెల దగ్గర ఈ సరళరేఖ కనిపించదు. 24 గడులు కూడటానికి పట్టే సమయం కన్నా ఫంక్షన్ పిలవడానికి, జవాబుకు మెమరీ తేవడానికి పట్టే సమయమే ఎక్కువ ఉండవచ్చు. 200 అంకెల నుంచి 400కి పోతే సమయం రెట్టింపు కాకుండా కొద్దిగానే పెరుగుతుంది. దాన్ని చూసి పద్ధతి సరళరేఖ కన్నా మేలైందని అనుకోకండి. లక్ష, రెండు లక్షలు, నాలుగు లక్షల అంకెలతో కొలవండి. రెట్టింపు చేసినప్పుడల్లా సమయం సుమారు రెండు రెట్లయితే సరళం. నాలుగు రెట్లయితే కోడ్‌లో ఎక్కడో వర్గం దాక్కుంది.

ఆ వర్గం ఎక్కువగా దాక్కునే చోటు స్ట్రింగ్. ఇలా రాసిన కోడ్ చాలాసార్లు కనిపిస్తుంది:

```java
result = digit + result;
```

ఒక్కో అంకె లెక్కగట్టి, జవాబు స్ట్రింగ్‌కి ముందు అతికిస్తున్నారు. జావాలో స్ట్రింగ్ మార్చడానికి వీల్లేనిది కాబట్టి ప్రతిసారీ కొత్త స్ట్రింగ్ తయారుచేసి పాతదంతా అందులోకి నకలు చేయాలి. మొదటిసారి 1 అక్షరం, తర్వాత 2, తర్వాత 3. 200 అంకెలకు 1 + 2 + ... + 200 = 20100 అక్షరాలు రాయడం, 200 కూడికల కోసం. లక్ష అంకెలైతే సుమారు 500 కోట్ల అక్షరాలు. కూడిక సరళంగానే ఉంది, జవాబు రాసుకోవడమే వర్గమైంది. దీనికి మందు తేలిక. `StringBuilder`లో వెనక చేర్చుకుంటూ పోయి, చివర్లో ఒక్కసారి తిప్పేయండి.

ఇక F(1000) మొత్తం ఖర్చు. ఒక్క కూడిక సరళమే, కానీ మనం చేసేవి దాదాపు వెయ్యి కూడికలు. అవన్నీ 209 అంకెలవి కావు, మొదటివి ఒక అంకెవి, చివరివి 209 అంకెలవి. F(n)కి సుమారు 0.209 × n అంకెలుంటాయి. వీటిని ఒకదాని కింద ఒకటి పేరిస్తే త్రిభుజం ఆకారం వస్తుంది. దాని వైశాల్యం 1000 × 209లో సగం, అంటే దాదాపు లక్షా నాలుగు వేల అయిదు వందల అంకెల కూడికలు. తొమ్మిది అంకెల గడులతో దాదాపు పన్నెండు వేలు. కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. F(10000)కి 2090 అంకెలు. త్రిభుజం రెండు వైపులా పది రెట్లు పెరిగింది, కాబట్టి వైశాల్యం వంద రెట్లు, కోటీ నాలుగున్నర లక్షల అంకెల కూడికలు. F(100000)కి 20899 అంకెలు, మళ్లీ వంద రెట్లు, వంద కోట్లు దాటుతుంది. ఇక్కడ గడి పరిమాణం తొమ్మిది రెట్ల తేడా తెస్తుంది, దాంతో పని తొమ్మిదో వంతుకు తగ్గినా, n పది రెట్లైతే పని వంద రెట్లవడం మాత్రం ఆగదు. కూడిక ఫంక్షన్‌ని ఎంత చెక్కినా ఆ వర్గం పోదు, ఎందుకంటే అది కూడికలో లేదు, కూడికల సంఖ్యా పొడవూ కలిసి పెరగడంలో ఉంది.

ఈ లూప్‌లో ప్రతి కూడికకూ కొత్త వెక్టర్ తయారుచేయక్కర్లేదు కూడా. చిన్నదానిలోకి పెద్దదాన్ని కలిపేసి, రెండింటినీ `swap` చేస్తే చాలు. `swap` గడుల్ని నకలు చేయదు, లోపలి పాయింటర్లనే మారుస్తుంది.

ఇప్పుడు పైథాన్ వాడేవాళ్ల కోసం. అక్కడ ఇదంతా మీరు రాయక్కర్లేదు, `a + b` అంటే చాలు. లోపల జరిగేది ఇదే. సీపైథాన్ ఒక్కో గడిలో 30 బిట్లు పెట్టుకుంటుంది, అంటే ఆధారం 2^30. అది 10^9కి చాలా దగ్గరి సంఖ్య, F(1000) అక్కడా 24 గడులే. తేడా ఏమిటంటే ఆధారం పదికి ఘాతం కాదు, రెండుకి ఘాతం. అందువల్ల కూడటం తేలిక, కానీ చదవడం, ముద్రించడం కష్టం. మన 10^9 గడుల్ని ముద్రించాలంటే ఒక్కో గడిని విడిగా రాసేస్తే సరిపోయింది. 2^30 గడులైతే ఒక గడిలోని బిట్లు జవాబులోని ఎన్నో దశాంశ స్థానాల మీద ప్రభావం చూపుతాయి, సంఖ్య మొత్తాన్నీ మార్చుకోవాలి. మామూలు పద్ధతిలో ఆ మార్పిడి ఖర్చు పొడవు వర్గంగా పెరుగుతుంది.

దీన్ని దుర్వినియోగం చేసి, చాలా పొడవైన అంకెల స్ట్రింగ్ పంపి సర్వర్‌ని నిలిపేయవచ్చు. అందుకే 2022లో పైథాన్ ఒక హద్దు పెట్టింది. పదో ఆధారంలో 4300 అంకెలు దాటిన స్ట్రింగ్‌ని `int()`కి ఇచ్చినా, అంత పెద్ద సంఖ్యని `str()`కి ఇచ్చినా `ValueError` వస్తుంది. F(100000)ని లెక్కగట్టడం వరకు ఏ ఇబ్బందీ ఉండదు, `print` దగ్గర ఆగిపోతుంది. చాలామంది కూడిక చెడిందనుకుంటారు. చెడలేదు. ఆ సంఖ్య మీ సొంత లెక్కలోంచి వచ్చిందైతే ఇలా హద్దు పెంచుకోవచ్చు:

```python
import sys
sys.set_int_max_str_digits(25000)
```

బయటివాళ్లు పంపే స్ట్రింగులు చదివే ప్రోగ్రాంలో మాత్రం దీన్ని ముట్టుకోకండి.

నా అభిప్రాయం ఇది. ఇన్‌పుట్ దశాంశంలో వచ్చి, అవుట్‌పుట్ దశాంశంలో పోయి, మధ్యలో కూడికలే ఉంటే 10^9 గడులే మేలు. మధ్యలో గుణకారాలు, బిట్ల పనులు ఎక్కువుంటే రెండు ఆధారం తీసుకుని మార్పిడి ఖర్చు ఒక్కసారి భరించండి. ప్రశ్నలుంటే అడగండి.

సభలోంచి ఒకరు: సర్, పూర్తి 64 బిట్లూ వాడితే క్యారీ వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? పోల్చడానికి పైన చోటే ఉండదు కదా.

మంచి ప్రశ్న. అక్కడ మొత్తం చుట్టుతిరిగి చిన్నదవుతుంది. a, b కూడితే వచ్చిన s, a కన్నా చిన్నదైతే పొంగిందని అర్థం. కానీ a + b + c అని మూడూ ఒకేసారి కూడి `s < a` అని చూడకండి. b అన్నీ ఒకట్లైన 2^64 − 1 అయి, c ఒకటైతే, s సరిగ్గా aతో సమానమవుతుంది. పొంగింది, అయినా `s < a` అబద్ధం. క్యారీ పోయింది. యాదృచ్ఛిక పరీక్షలో ఇది ఎన్నటికీ దొరకదు. రెండు మెట్లుగా చేయాలి:

```c
s = a + b;   c1 = s < a;
s = s + c;   c2 = s < c;
c = c1 | c2;
```

రెండూ ఒకేసారి 1 కావు. మొదటిది పొంగితే మిగిలింది గరిష్ఠంగా 2^64 − 2, దానికి ఒకటి కలిపినా మళ్లీ పొంగదు. జీఎంపీ లాంటివి ఎక్స్86 ప్రాసెసర్ల మీద ఇదంతా కాకుండా `adc` ఆదేశం వాడతాయి. పొంగిన బిట్‌ని ప్రాసెసరే ఒక జెండాలో దాచి, తర్వాతి కూడికలో తానే కలుపుతుంది.

మరొకరు: రెండు కాదు, వంద సంఖ్యలు కూడాలంటే? ఒక్కొక్కటిగా `add` పిలుస్తూ పోవడమేనా?

పోవచ్చు, కానీ ప్రతిసారీ క్యారీని పైదాకా తోయాల్సిన పని లేదు. తొమ్మిది అంకెల గడుల్ని 64 బిట్ల చోట్లలో నిలువుగా కూడేయండి. మొదటి గడులన్నీ ఒక మొత్తం, రెండోవన్నీ ఒక మొత్తం, అలా. ఒక్కో గడి 10^9 కన్నా తక్కువ కాబట్టి 64 బిట్లలో 1800 కోట్ల గడుల దాకా పొంగకుండా పడతాయి, వంద ఏ మూలకి. అంతా అయ్యాక కింది నుంచి పైకి ఒక్కసారి క్యారీ సర్దండి. అప్పుడు మాత్రం క్యారీ 0, 1 కాదు, వంద సంఖ్యలకు 99 దాకా రావచ్చు. అందుకని అక్కడ పోల్చి తీసేయడం సరిపోదు, `BASE`తో నిజంగానే భాగించి, భాగఫలాన్ని పైకి పంపి శేషాన్ని గడిలో ఉంచాలి. పై గడి దాటాక కూడా క్యారీ మిగిలితే, అది సున్నా అయ్యేదాకా కొత్త గడులు చేర్చాలి.